రబ్బరు నీటిని ఆపుతుంది, బరువును మోయదు

అమెరికాలోని పాత ఇళ్లలో బేస్‌మెంట్ సీలింగ్ కింద కాస్ట్ ఐరన్ డ్రెయిన్ పైపులు వేలాడుతూ కనిపిస్తాయి. ఒకప్పుడు వాటి అతుకుల్లో తారు పట్టించిన నార కూరి, పైన సీసం కరిగించి పోసేవారు. ఇప్పుడు అలాంటి పైపు పగిలితే ఆ ముక్కను కోసి తీసేసి, కొత్త ముక్కను రబ్బరు కప్లింగులతో కలుపుతున్నారు. అక్కడ పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకూ ఈ పని తగలవచ్చు.

కప్లింగ్ అంటే లోపల నియోప్రీన్ రబ్బరు తొడుగు, దాని మీద పల్చటి స్టెయిన్‌లెస్ స్టీలు రేకు, చుట్టూ స్క్రూతో బిగిసే క్లాంపులు. తొడుగు లోపల నడుమ చిన్న గట్టు ఉంటుంది. రెండు పైపుల అంచులూ దానికి ఆనాలి. అందుకే పైపును వంకర లేకుండా కోయాలి, అంచుల మీది తుప్పూ పెచ్చులూ గీకేయాలి. స్టీలు రేకు లేని ఉత్త రబ్బరు కప్లింగులు భూమిలో పాతే పైపులకు. వేలాడే పైపుకు వాడితే అతుకు దగ్గర ఒక పైపు కిందికి జారి, లోపల మెట్టులా ఏర్పడి చెత్త పట్టుకుంటుంది.

4 అంగుళాల పైపు కప్లింగుకు సాధారణంగా రెండు క్లాంపులు ఉంటాయి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోకుండా, మార్చి మార్చి బిగించాలి. మామూలు రకానికి 60 అంగుళం-పౌండ్ల బిగువు కావాలి. అంత బిగువు రాగానే టక్కున వదిలేసే టార్క్ రెంచి దొరుకుతుంది. స్క్రూడ్రైవర్‌తో అంచనా మీద బిగిస్తే అతుకు వదులుగా మిగిలిపోవచ్చు.

ఇక అసలు సంగతి బరువు. 10 అడుగుల నిడివి, 4 అంగుళాల పైపు నీటితో నిండితే 59 కిలోల దాకా తూగుతుంది. ఆ బరువు మోయాల్సింది హ్యాంగర్లు. ప్రతి అతుకుకూ 18 అంగుళాల లోపు ఒక హ్యాంగర్ ఉండాలి. హ్యాంగర్ల మధ్య దూరం 10 అడుగులు దాటకూడదు. పట్టు పైపు మీదే ఉండాలి, కప్లింగు మీద కాదు. హ్యాంగర్ కడ్డీ 18 అంగుళాల కంటే పొడవైతే పైపు పక్కలకు ఊగకుండా అడ్డు ఊత కూడా కావాలి. నిలువు పైపుకు అడుగున, ప్రతి అంతస్తులో పట్టు ఉండాలి.

అడుగుకు పావు అంగుళం వాలు పెడితే 10 అడుగుల ముక్క రెండు కొసల మధ్య రెండున్నర అంగుళాల తేడా రావాలి. హ్యాంగర్లు తక్కువైతే ఆ వాలు చెడి, నడుమ కుంగిన చోట నీరు నిలుస్తుంది. డ్రెయిన్ మాటిమాటికీ పూడుతున్నా, కప్లింగు అంచున తడి కనిపిస్తున్నా ముందుగా పైపు మీద లెవెల్ పెట్టి చూడండి. కుంగిన పైపుకు క్లాంపు ఎంత బిగించినా లాభం లేదు.

కోత మొదలుపెట్టే ముందే, కోసే చోటుకు రెండు వైపులా మిగిలే పైపుకు ఊతం కట్టించండి. నిలువు పైపైతే పై భాగాన్ని పట్టి ఉంచే క్లాంపు లేకుండా రంపం ముట్టనివ్వకండి. మీ ఊరి ప్లంబింగ్ కోడ్‌లో ఈ దూరాలు కొంత తేడాగా ఉండవచ్చు, దాన్నే పాటించండి.