ఊరెళ్తే కెఫీర్ గింజల సంగతి?

కాకసస్ కొండల నుంచి వచ్చిన కెఫీర్‌కు అసలు తోడు, కాలీఫ్లవర్ ముక్కల్లా కనిపించే మెత్తని గింజలు. వాటిలో బ్యాక్టీరియా, ఈస్టులు కలిసి బతుకుతాయి. పాలు మారుస్తూ ఉంటే ఏళ్లతరబడి పెరుగుతాయి. ప్యాకెట్ పొడితో గింజలు పుట్టవు, కొన్ని విడతలకే దాని బలం తగ్గుతుంది. అయినా అప్పుడప్పుడు తాగేవారికి పొడే నయం.

గింజలున్నవారు రెండు వారాలు ఊరెళ్తే, చెంచాడు గింజలను పావులీటరు కాచి చల్లార్చిన పాలలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. చలికి పులియడం నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. అందుకే ఇంకా ఆలస్యమైతే ఎవరితోనైనా పాలు మార్పించాలి. తిరిగొచ్చాక వడకట్టి, తాజా పాలలో వేసి బయట ఉంచండి. మొదటి ఒకటి రెండు విడతలు పలచగా, ఈస్టు వాసనతో ఉన్నా కంగారుపడొద్దు, రోజూ పాలు మారిస్తే కుదురుకుంటాయి. గులాబీ మచ్చలో, బూజో కనిపిస్తే మాత్రం గింజలతో సహా పారేయండి.