రేకు లేచేలోగా

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దిగి రావులపాలెంలోకి వస్తున్న కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. 3 సెకన్లలో అది 66 మీటర్లు దాటేస్తుంది. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన పూతరేకులు అమ్మే దుకాణానికి ఆ 66 మీటర్ల దూరమే గడువు. ఆలోగా కారులో ఉన్నవాళ్లలో ఒక్కరైనా ‘ఆపండి, పూతరేకులు తీసుకుందాం’ అనాలి. అనకపోతే సిద్ధాంతం వంతెన ఎక్కేస్తారు, బేరం వశిష్ఠ దాటిపోతుంది.

ఇప్పుడు అదే దుకాణం ఫోన్‌లో ప్రకటన వేయాలనుకుంటోంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న తెలుగు కుటుంబానికి పార్సిల్ పంపగలిగితే రోడ్డు మీద కారు ఆగకపోయినా అమ్మకం ఆగదు. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధం వచ్చింది. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. అప్పటినుంచి నిలువు వీడియో తీయడం కోనసీమలో ఎవరికీ కొత్త కాదు. తీయడం వచ్చినంత మాత్రాన ప్రకటన రాదు. తేడా అంతా మొదటి 3 సెకన్లలోనే తెలిసిపోతుంది.

3 అన్న అంకె ఎవరో సరదాకి చెప్పింది కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల లెక్కల పుటలో 3-second video plays అని ఒక వరుస ఉంటుంది. వీడియో కనీసం 3 సెకన్లు ఎన్నిసార్లు ఆడిందో అది చెబుతుంది. దాన్ని ప్రకటన ఎన్నిసార్లు తెర మీదికి వచ్చిందో ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చే శాతాన్ని ఈ పనిలో ఉన్నవాళ్లు హుక్ రేట్ అంటారు. బొటనవేలు ఎంతమంది దగ్గర ఆగిందో చెప్పే కొలత అది. యూట్యూబ్ కూడా షార్ట్స్ విషయంలో ఉండి చూసినవారిని, పైకి తోసేసినవారిని వేరు చేసి చూపిస్తుంది.

ఆ బొటనవేలిని ఆపడానికి పూతరేకు కన్నా మంచి సరుకు నాకు తెలిసి మన జిల్లాలో లేదు. కారణం రుచి కాదు, రుచి తెర మీద కనబడదు. కారణం ఆ రేకు పుట్టే తీరు.

రావులపాలెం నుంచి బొబ్బర్లంక రోడ్డులో కాలువ వెంట వెళ్తే ఆత్రేయపురం వస్తుంది. ఆ ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడ పొయ్యి మీద బోర్లించిన కుండ ఉంటుంది. కింద కొబ్బరి ఆకుల మంట. పక్కన నానబెట్టి రుబ్బి, దాదాపు నీళ్లంత పలచగా చేసిన బియ్యప్పిండి. పలచని గుడ్డను అందులో ముంచి, రెండు చేతులా పట్టుకుని, కాలే కుండ మీదుగా ఒక్కసారి లాగుతారు. గుడ్డ ఇవతలికి వచ్చేసరికి కుండ మీద తెల్లటి పొర కట్టి ఉంటుంది. అంచు లేస్తుంది, వేళ్లతో ఒడుపుగా తీసేస్తారు. మొత్తం పనికి పట్టేది కొన్ని క్షణాలే. ప్రకటనవాళ్లు 3 సెకన్లలో ఏం చూపించాలా అని తల పట్టుకుంటుంటే ఆ ఊరి ఆడవాళ్లు దాదాపు అంత సేపట్లోనే మొదలు, మధ్య, ముగింపు ఉన్న కథ నడిపేస్తున్నారు.

అయినా మన వీడియోలు చాలావరకు అక్కడ మొదలుకావు. గోదావరి మీద డ్రోన్, ఆపైన కొబ్బరితోటలు, వెనక ఒక సంగీతం, తర్వాత గిరగిరా తిరుగుతూ వచ్చే దుకాణం లోగో. ఇవన్నీ అయ్యేసరికి 6 సెకన్లు. గోదావరి అందం మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ దృశ్యంతోనే రిసార్టువాళ్లూ, పెళ్లి ఫొటోలవాళ్లూ, స్థలాలు అమ్మేవాళ్లూ మొదలుపెడతారు. చూసేవారికి అది ఎవరి ప్రకటనో తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు.

రెండో రకం కేకతో మొదలవుతుంది. ఒక కుర్రాడు కెమెరాలోకి వేలు చూపిస్తూ ‘ఆగండాగండి! ఇది చూడకపోతే చాలా నష్టపోతారు’ అంటాడు. జనం ఆగుతారు కూడా. నాలుగో సెకనులో మిఠాయి డబ్బా కనబడగానే మోసపోయామనుకుని వెళ్లిపోతారు.

మూడోది కుండతో మొదలయ్యేది. దాన్ని ఎలా తీయాలో వివరంగా చూద్దాం.

సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో 3 సెకన్లంటే 90 ఫ్రేములు. మొదటి ఫ్రేములోనే గుడ్డ కుండను తాకుతూ ఉండాలి. ఆవిడ వచ్చి కూర్చోవడం, గుడ్డ ముంచడం, పిండి కారడం, ఇవన్నీ కత్తిరించెయ్యాలి. తీసేటప్పుడు మొత్తం తియ్యండి, కట్ మాత్రం పని నడుమన పడాలి. కదలిక అప్పటికే మొదలైతేనే కన్ను దాన్ని వెంబడిస్తుంది. మొదటి సెకనులో గుడ్డ కుండ మీదుగా జారుతుంది. రెండో సెకనులో పొర తెల్లబడి అంచు లేస్తుంది. మూడో సెకనులో రేకు పైకి లేచి వెలుతురుకు అడ్డం వస్తుంది, దాని గుండా అవతలి కిటికీ మసకగా కనిపిస్తుంది. అక్కడ ఆపకూడదు. రేకు ఇంకా గాలిలో ఉండగానే తర్వాతి దృశ్యం రావాలి. అందులో నెయ్యి, బెల్లం పొడి పడుతుంటాయి. ఇంతకీ ఈ కాగితం లాంటిది మిఠాయి ఎలా అవుతుందన్న ప్రశ్న మూడో సెకనులో పుడుతుంది, నాలుగో సెకను దానికి జవాబు మొదలుపెడుతుంది. ఆ అతుకు సరిగా కుదిరితే మిగతా పదిహేను సెకన్లూ జనం ఉంటారు.

స్లో మోషన్ పెట్టాలని చెయ్యి లాగుతుంది. పెట్టకండి. రేకు అంత త్వరగా కట్టడమే కదా వింత! నెమ్మది చేస్తే అట్టు పోసినట్టుంటుంది.

ఇక్కడ ఫోన్‌తో తీసేవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది. కుండ మసిబారి నల్లగా ఉంటుంది. కెమెరా ఆ నలుపును చూసి వెలుగు తక్కువైందనుకుని దానంతటదే పెంచేస్తుంది. తెల్లటి పొర రాగానే అది వెలిసిపోయి సున్నం పూసినట్టవుతుంది, పారదర్శకత అంతా పోతుంది. అందుకని ముందుగా తీసిన ఒక రేకును కుండ మీద పరిచి, దాని మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కొంచెం తగ్గించి, అప్పుడు తియ్యాలి. వెలుతురు వెనక నుంచో పక్క నుంచో రావాలి. ఎదురుగా లైటు వేస్తే రేకు మామూలు తెల్ల కాగితమే. ట్యూబులైటు కింద తీస్తే కొన్ని ఫోన్లలో తెర మీద చారలు కదులుతాయి, ఆ లైటు ఆర్పేసి తలుపు తెరిస్తే సరిపోతుంది.

శబ్దం సంగతి. తడిగుడ్డ కాలే కుండను తాకినప్పుడు ‘చుయ్’మంటుంది. దాన్ని సినిమా పాట కింద పాతెయ్యకండి. మొదటి 3 సెకన్లూ ఆ చప్పుడే ఉండనివ్వండి, పాట తర్వాత రావచ్చు. అయితే చాలామంది శబ్దం కట్టేసి చూస్తారు కనుక, చప్పుడు లేకపోయినా విషయం అర్థం కావాలి. అందుకు తెర మీద మాటలు.

తెలుగులో హడావిడి లేకుండా పలికితే 3 సెకన్లలో పదిహేను, ఇరవై అక్షరాలకు మించి పట్టవు. కదిలే బొమ్మ మీద చదవడానికైతే ఇంకా తక్కువ ఉండాలి. ‘స్వచ్ఛమైన నెయ్యితో సంప్రదాయబద్ధంగా తయారుచేసిన ఆత్రేయపురం పూతరేకులు’ అన్న వాక్యం డబ్బా మీద బాగుంటుంది, ఇక్కడ ఎవరూ పూర్తిగా చదవరు. ‘పూతరేకు పుట్టేది ఇలా’ చాలు, తొమ్మిది అక్షరాలు. సరుకు పేరు అందులోనే ఉంది, చూడమన్న పిలుపూ అందులోనే ఉంది. ఎడిటింగ్ యాప్‌లు కొన్ని ఒత్తులను విడగొట్టేస్తాయి, ‘పుట్టేది’లో ట ఒత్తు పక్కకు జరిగి కూర్చుంటుంది. ఎక్కించే ముందు ఫోన్‌లోనే ఒకసారి చదివి చూసుకోవాలి.

ఆ మాటలు ఎక్కడ పెట్టాలన్నది కూడా తేల్చుకోవాలి. రీల్స్ ప్రకటనలో పైన 14 శాతం, కింద 35 శాతం ఖాళీగా వదలమని మెటా సంస్థ చెబుతుంది. ఖాతా పేరు, బటన్లు, రాతలు అక్కడ వచ్చి పడతాయి. అంటే నడుమ సగమే మనది. కుండ, చేతులు, మాటలు ఆ సగంలోనే ఇమడాలి. దుకాణం పేరుకు విడిగా లోగో అక్కర్లేదు. కుండ వెనక, ఆ సగంలోనే కనిపించేలా, పేరు అచ్చయిన డబ్బాలు నాలుగు పేర్చండి. కథ ఆగకుండానే పేరు కంటబడుతుంది.

ఇప్పుడు మూడు ప్రారంభాలనూ తూకం వేద్దాం. 3 సెకన్ల తర్వాతి భాగం మూడింటికీ ఒక్కటే ఉండాలి, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. ఒక్కొక్కటీ 2,000 సార్లు తెర మీదికి వచ్చిందనుకుందాం. డ్రోన్ వీడియో 300 సార్లు 3 సెకన్లు దాటింది, హుక్ రేట్ 15 శాతం. కేక వీడియో 700 సార్లు దాటింది, 35 శాతం. కుండ వీడియో 560 సార్లు, 28 శాతం. ఇక్కడితో ఆగితే కేకదే గెలుపు. కానీ పదో సెకను దాకా ఉన్నవాళ్లను చూస్తే కేక దగ్గర 60 మంది, కుండ దగ్గర 220 మంది మిగిలారు. ఆర్డర్ పెట్టేది ఈ మిగిలినవాళ్లే. హుక్ రేట్ ఒక్కటే చూసి మురిసిపోయేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మొదటి 3 సెకన్లు పిలిచిన జనాన్ని నాలుగో సెకను కూర్చోబెట్టలేకపోతే ఆ పిలుపు తప్పుది. ఏ సెకను దాకా ఎంతమంది ఉన్నారో చూపే రేఖాచిత్రంలో నాలుగో సెకను దగ్గర గట్టు తెగినట్టు గీత పడిపోతే తప్పు ప్రారంభానిదని గుర్తించండి. మెల్లగా దిగుతూ పోతే అది మామూలే.

వంద, నూటయాభై సార్లు చూపించి తీర్పు చెప్పకూడదు. అంత చిన్న లెక్కలో పదిమంది అటూ ఇటూ అయినా శాతం తారుమారవుతుంది. గెలిచిన ప్రారంభం కూడా కలకాలం నిలవదు. చూసినవాళ్లకే మళ్లీ మళ్లీ వెళ్తే హుక్ రేట్ దిగజారుతుంది. అప్పుడు వీడియో మొత్తం మార్చనక్కర్లేదు, ముందున్న 3 సెకన్లు మార్చితే చాలు. అందుకే ఒకే పూట నాలుగైదు ప్రారంభాలు తీసి దాచుకోవాలి. గుడ్డ జారడం ఒకటి, రేకు వెలుతురులోకి లేవడం ఒకటి, మడత పెడుతుంటే కరకరమనడం ఒకటి.

అన్ని సరుకులకూ ఇది అక్కరకు రాదు. రావులపాలెం మార్కెట్ యార్డులో గెలల లెక్కన అరటి కొనే వ్యాపారికి కావలసింది ఇవాళ్టి ధర, గెల సైజు, కర్పూరమా చక్కెరకేళియా అన్న సంగతి. అతను బొటనవేలు ఆపి కొనడు, ఫోన్ చేసి కొంటాడు. ఒక్కో డబ్బా కొనే ఇల్లాలికే ఈ 3 సెకన్ల పని.

డబ్బిచ్చి పేరున్న యూట్యూబర్ చేత తీయిస్తే ఇంకో నియమం ఉంది. ప్రకటనల ప్రమాణాల మండలి 2021 మార్గదర్శకాల ప్రకారం అది ప్రకటన అని తెర మీద చూపాలి. 15 సెకన్లు, అంతకన్నా చిన్న వీడియోలో ఆ గుర్తు కనీసం 3 సెకన్లు ఉండాలి. మొదట్లోనే వేసెయ్యండి. దాచి సంపాదించిన చూపు నిలబడదు.

చివరగా దుకాణదారులకూ, వీడియో తీసే కుర్రాళ్లకూ ఒక మనవి. మంచి 3 సెకన్లు దొరకాలంటే ఆ గుడ్డ ఇరవైసార్లు లాగాలి. అంతసేపూ మంట ముందు కూర్చునేది ఆ రేకు తీసే మనిషి. ముందే అడగండి, ముఖం చూపించడం ఇష్టం లేకపోతే చేతులు మాత్రమే తియ్యండి, చిరిగిన రేకులతో సహా ఆ పూట కూలి లెక్కకట్టి ఇవ్వండి.