School Sale Slogans: ‘బస్తా సస్తా’ అంటే ఏంటి? చార్మినార్ గల్లీల్లో స్కూల్ సేల్ నినాదాల వెనక అసలు లెక్క ఇదే!

తెలంగాణలో ఈమధ్య కొన్నేళ్లుగా బడులు జూన్ 12న తెరుచుకుంటున్నాయి. అంతకు ముందు రెండు వారాలు పేరెంట్స్‌కు షాపింగ్ టైమ్. చార్మినార్, పత్తర్‌గట్టి, మదీనా చుట్టుపక్కల బ్యాగులు, నోటుబుక్కులు, లంచ్ బాక్సుల గుట్టలు కనిపిస్తాయి. ఆ గుట్టల పక్కనే చిన్న స్పీకర్‌లో ఒకే మాట మళ్లీ మళ్లీ మోగుతుంటుంది. ఆ మాట ఎప్పుడూ ప్రాసతోనే ఎందుకు ఉంటుంది? వినడానికి బాగున్న మాట బిల్లు దగ్గర ఎందుకు మారిపోతుంది? వివరాలు చూద్దాం..

ఒక్క బస్తా.. రెండు అర్థాలు

పాతబస్తీలో స్కూల్ బ్యాగును ఉర్దూలో ‘బస్తా’ అంటారు. చౌక అనడానికి ‘సస్తా’ అంటారు. ఈ రెండు మాటలకూ ప్రాస దానంతట అదే కుదిరిపోయింది. ‘బస్తా సస్తా’ అంటే బ్యాగు చౌక అని అర్థం. దక్కనీ మాట్లాడే కుటుంబాలకు వివరణ అక్కర్లేదు. రెండే మాటల్లో సరుకేంటో, ధర సంగతేంటో తెలిసిపోతుంది.

కానీ చార్మినార్‌కు వచ్చేవాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు. జిల్లాల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లకు బస్తా అంటే బియ్యం బస్తా. ఇక ‘సస్తా’ అన్న మాట తెలంగాణ యాసలో ‘చస్తాను’ అన్నట్టే వినిపిస్తుంది! బ్యాగు చౌక అని చెప్పబోతే, ‘ఈ బస్తా మోయలేక సస్తా’ అన్నట్టు తోస్తుంది. పిల్లల బ్యాగుల బరువు చూస్తే అదీ నిజమేలే అని నవ్వుకుంటారేమో కానీ, ధర మాత్రం చెవికెక్కదు.

అందుకే ఈ బజారులో నినాదాన్ని ఒక భాషలో రాసి ఇంకో భాషలోకి మార్చితే పని జరగదు. ఉర్దూకు ఒకటి, తెలుగుకు ఒకటి విడిగా కట్టుకోవాలి. అర్థాన్ని మార్చుకోవచ్చు కానీ, ప్రాసను మాత్రం ఏ భాషలో ఆ భాషలోనే వెతుక్కోవాలి.

తెలుగు చెవికి ఏ ప్రాస ఎక్కుతుంది?

తెలుగులో రెండు రకాల ప్రాసలు బాగా పనిచేస్తాయి. మొదటిది మాట చివర కలిసేది.. అంటే అంత్యప్రాస. ‘గంట – తంటా’, ‘తక్కువ – ఎక్కువ’ లాంటివి. రెండోది మాటలో రెండో అక్షరం కలిసేది. పద్యాల్లో ప్రాస అంటే ఇదే. ‘వంద, అంద, పొంద’ చూడండి. మొదటి అక్షరాలు వేరు, రెండో అక్షరం మాత్రం ఒకటే. అందుకే ‘వందకే పొందండి’ అన్నప్పుడు అది చెవికి అతుక్కుంటుంది. ‘వంద రూపాయలకే లభించును’ అంటే అతుక్కోదు.

ఇక్కడ ధర పలికే తీరు కూడా కీలకం. తొంభై, యాభై ఒకేలా ముగుస్తాయి. కాబట్టి ‘తొంభైది యాభైకే’ అంటే పాత ధర, కొత్త ధర ఒక్క ఊపిరిలో వచ్చేస్తాయి. అదే 87 రూపాయలది 52కి అని చెప్పాలంటే నోరు తిరగదు, వినేవాళ్లకు గుర్తూ ఉండదు.

20 సెకన్ల ఆట

స్పీకర్ నినాదం ఎంత పొడవుండాలి? దీనికి ఓ చిన్న లెక్క ఉంది. రద్దీలో ఓ తల్లి పిల్లాడి చెయ్యి పట్టుకుని నిమిషానికి 40 మీటర్లు నడుస్తుందనుకుందాం. చిన్న స్పీకర్ మాట స్పష్టంగా వినిపించేది ఓ 15 మీటర్ల దూరం అనుకుంటే, ఆమె దాన్ని 20 సెకన్లు దాటాక కాసేపట్లోనే వదిలి వెళ్లిపోతుంది. నినాదం 8 నుంచి 10 సెకన్లు ఉంటే రెండుసార్లు చెవిన పడుతుంది. మొదటిసారి తల తిప్పుతుంది, రెండోసారి ధర వింటుంది. అదే 30 సెకన్ల నినాదం అయితే, మొత్తం వినకుండానే ముందుకు వెళ్లిపోతుంది. విన్న భాగంలో ధర లేకపోతే దుకాణదారుడికి నష్టమే.

స్పీకర్‌కు రూల్స్ కూడా ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. రాత 10 నుంచి ఉదయం 6 వరకు వాడకూడదు.

ఒక కిట్.. ఒక నినాదం

ఇప్పుడు ఓ ఊహాజనిత దుకాణాన్ని తీసుకుందాం. అమ్మేది ఐదు వస్తువులు. బ్యాగు 349, డజను నోటుబుక్కులు 360, జామెట్రీ బాక్స్ 90, లంచ్ బాక్స్ 110, వాటర్ బాటిల్ 90. మొత్తం కలిపితే 999 రూపాయలు.

మొదట దుకాణదారుడు ఇలా రాశాడనుకోండి.. ‘అన్ని రకాల స్కూల్ సామాన్లు అతి తక్కువ ధరలకు లభించును’. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇది పక్క దుకాణానికీ సరిపోతుంది. ధర లేదు, ప్రాస లేదు, గుర్తుండే మాట లేదు.

రెండో ప్రయత్నం: ‘బడి గంట మోగింది.. ధరల తంటా తీరింది!’ ప్రాస కుదిరింది, ఊపు వచ్చింది. కానీ ధర ఇంకా లేదు. చేతిలో లెక్కపెట్టుకున్న డబ్బుతో వచ్చిన తల్లిదండ్రులకు ముందు కావాల్సింది అంకె.

మూడో ప్రయత్నం: ‘వెయ్యికి రూపాయి తక్కువ.. బడికి కావాల్సింది ఎక్కువ!’ ఇప్పుడు ధర వచ్చింది. 999 అనే అంకె ‘వెయ్యికి రూపాయి తక్కువ’గా మారి నవ్వు తెప్పిస్తుంది. తక్కువ, ఎక్కువ అన్నవి ఎదురెదురు మాటలు కాబట్టి ఒకసారి విన్నా గుర్తుంటాయి.

అయితే చిక్కంతా ఆ ‘ఎక్కువ’ దగ్గరే ఉంది. బడికి కావాల్సింది అంటే బూట్లు, సాక్సులు, యూనిఫామ్ కూడా. ఈ కిట్‌లో అవేవీ లేవు. ఇద్దరు పిల్లల కోసం రెండు వేలు జేబులో పెట్టుకుని వచ్చిన తండ్రి, రెండు కిట్లకు 1,998 ఇచ్చేస్తాడు. చేతిలో మిగిలేది రెండు రూపాయలు. బూట్లకు మళ్లీ అప్పు చేయాలి. నినాదం అబద్ధం చెప్పలేదు కానీ, ఇంటి లెక్క మాత్రం తప్పింది.

నాలుగో ప్రయత్నం: ‘వెయ్యికి రూపాయి తక్కువ.. ఐదు సామాన్లు, ఒక్కటీ కాదు తక్కువ! బ్యాగు, బాక్సు, బాటిల్, డజను బుక్కులు, జామెట్రీ..’ కాస్త పొడవైంది, ప్రాస కొంచెం మెత్తబడింది. అయినా తొందర లేకుండా చదివితే పది సెకన్లలోపే అయిపోతుంది. ఏమొస్తుందో, ఎంతకొస్తుందో రెండూ తెలిసిపోతాయి. కొనేవాళ్లు బూట్ల డబ్బు పక్కన పెట్టుకోగలుగుతారు. బిల్లు దగ్గర గొడవ ఉండదు కాబట్టి అమ్మేవాళ్లకూ ఇదే లాభం.

ప్రాస కోసం నిజం జారిపోయే చోటు

ప్రాస ఒక్కోసారి మాటను తనవైపు లాక్కుపోతుంది. దీనికి మంచి ఉదాహరణ ‘పెన్ను – పన్ను’. ‘పెన్నుకు పన్ను లేదు’ అని రాయడానికి చెయ్యి ఊరుకోదు. కానీ అది తప్పు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోటుబుక్కులు, పెన్సిళ్లు, షార్ప్‌నర్లు, రబ్బర్లు, క్రేయాన్లపై జీఎస్టీ సున్నా అయింది. జామెట్రీ బాక్స్‌పై 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ సున్నా జాబితాలో పెన్నులు లేవు, స్కూల్ బ్యాగులూ లేవు. అంటే పెన్సిల్‌కు పన్ను లేదు కానీ పెన్నుకు ఉంది. ప్రాస కుదిరిన మాట అబద్ధం, ప్రాస కుదరని మాట నిజం!

ఇంకో చిన్న మాట ‘నుంచి’. ‘బ్యాగులు 149 నుంచి’ అనాల్సింది, లయ దెబ్బతింటుందని ‘బ్యాగు 149కే’ అంటారు. తీరా లోపలికి వెళ్తే ఆ ధరకు ఉన్నది ఎల్‌కేజీ పిల్లల చిన్న బ్యాగు ఒక్కటే. ఆరో తరగతి పుస్తకాలు పట్టే బ్యాగు ధర వేరే ఉంటుంది.

మూడోది ‘సగానికి సగం’. దేనిలో సగం అన్నదే ప్రశ్న. ప్యాక్‌పై ముద్రించిన ఎమ్మార్పీలో సగమా, లేక స్టిక్కర్‌పై దుకాణం రాసుకున్న ధరలో సగమా? నోటుబుక్కుల్లో అయితే పేజీల లెక్క కూడా చూడాలి. నోటితో ‘200 పేజీల బుక్కు’ అంటారు, అట్టపై 172 అనో 180 అనో ఉండొచ్చు. చౌక అనిపించిన డజనులో ఒక్కో బుక్కుకు 28 పేజీలు తగ్గితే, మొత్తం 336 పేజీలు తగ్గినట్టు. అంటే దాదాపు రెండు బుక్కులు రానట్టే.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. వీటి ప్రకారం తక్కువ ధర చూపి ఎర వేసే ప్రకటన ఇస్తే, ఆ ధరకు సరిపడా సరుకు ఉండాలి. స్టాక్ పరిమితంగా ఉంటే ఆ విషయం చెప్పాలి. ఇంకో ముఖ్యమైన పాయింట్ ఏంటంటే.. షరతులు కూడా ప్రకటన ఉన్న భాషలోనే ఉండాలి. అంటే ‘బస్తా సస్తా’ అని ఉర్దూలో పెద్దగా రాసి, కింద ఇంగ్లిష్‌లో చీమ తలకాయంత అక్షరాలతో ‘కండిషన్స్ అప్లై’ అంటే కుదరదు.

కొనేముందు మూడు ప్రశ్నలు చాలు. ఈ ధరకు ఏ సైజు వస్తుంది? కిట్‌లో ఏమేం ఉన్నాయి? అట్టపై పేజీలెన్ని, ఎమ్మార్పీ ఎంత? జవాబు చేతికి తీసుకుని చూసుకున్నాకే డబ్బులివ్వాలి, బిల్లు అడిగి తీసుకోవాలి. ప్యాక్‌పై ఎమ్మార్పీ కంటే ఎక్కువ వసూలు చేసినా, చెప్పిన ఆఫర్ ఇవ్వకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదుకు బిల్లుతో పాటు ఆ బోర్డు ఫొటో గానీ, స్పీకర్ మాటల వీడియో గానీ ఉంటే పని సులువవుతుంది.