నీలమెక్కితే లెక్కలోంచి తీసేయడమే

ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాచిన కణాలను బయటికి తీసి కరిగించాక ల్యాబ్‌లో ముందుగా తేలాల్సింది ఒకటే: వీటిలో ఎన్ని బతికున్నాయి? మైక్రోస్కోపు కింద చచ్చిందీ బతికిందీ చాలాసార్లు ఒకేలా గుండ్రంగా కనబడతాయి. అందుకే ట్రిపాన్ బ్లూ అనే నీలి రంగు కలుపుతారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పరాన్నజీవుల మీద మందుగా వాడి చూసిన రంగు ఇది. మందుగా నిలవలేదు కానీ ఈ పనికి మాత్రం స్థిరపడిపోయింది.

కణం చుట్టూ ఉండే పొర ముఖ్యంగా కొవ్వు పదార్థం. దాని నడిమి భాగానికి నీళ్లంటే పడదు. ట్రిపాన్ బ్లూ అణువు చూస్తే పెద్దది, పైగా దాని మీద నాలుగు ఋణావేశాలు. అలాంటిది కొవ్వు పొరలోంచి దూరలేదు. బతికిన కణం రంగును బయటికి తోసేస్తుందని కొందరు అనుకుంటారు. తోసేదేమీ లేదు, అసలు లోపలికే రాదు. కణం చచ్చి పొర చిల్లులు పడ్డాక రంగు జొరబడి, లోపలి ప్రోటీన్లను పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. దాంతో చచ్చిన కణం ముదురు నీలంగా మారుతుంది. బతికింది తెల్లగా మెరుస్తూ ఉంటుంది.

కణాలున్న ద్రవం ఎంతో 0.4 శాతం రంగు ద్రావణం అంతే కలిపి, హీమోసైటోమీటర్ అనే గళ్ల గాజుపలక మీద వేస్తారు. మూలల్లోని నాలుగు పెద్ద గళ్లలో రంగెక్కనివి 160, నీలమెక్కినవి 40 కనిపించాయనుకుందాం. మొత్తం 200లో 160, అంటే 80 శాతం బతికున్నట్టు. ఒక్కో గడికి సగటున 40 బతికిన కణాలు. రంగుతో సగానికి పలచబడింది కనుక రెండుతో, గడి మీద నిలిచే ద్రవం మిల్లీలీటరులో పదివేలో వంతు కనుక పదివేలతో హెచ్చిస్తే, అసలు ద్రవంలో మిల్లీలీటరుకు 8 లక్షలు.

ఇక్కడ తొందర అవసరం. మూడు నుంచి అయిదు నిమిషాల్లో లెక్క ముగించాలి. ఈ రంగు కణాలకు విషమే. నానేకొద్దీ బతికినవి కూడా చచ్చి నీలమెక్కుతాయి. అదే పలకను కాసేపాగి మళ్లీ లెక్కిస్తే నీలం కణాలు పెరిగి ఉంటే ఆలస్యమే కారణమని అనుమానించాలి. సీరం ఎక్కువున్న ద్రవమూ ఇబ్బందే. అందులోని ప్రోటీన్లు రంగును పట్టేసుకుని వెనక నేలంతా నీలంగా చేస్తాయి. అందుకే ముందు ఉప్పు ద్రావణంతో కడుగుతారు.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ రంగుకు తెలిసేది పొర చిరిగిందా లేదా అన్నంతవరకే. చావు మొదలైనా పొర ఇంకా చెదరని కణం తెల్లగానే కనబడి బతికిన లెక్కలో పడిపోతుంది. గడ్డకట్టి కరిగిన కణాల్లో ఇది మామూలే. దెబ్బ తిన్నవి కొన్ని గంటల తర్వాత గానీ రాలవు. కరిగించిన వెంటనే వచ్చిన 80 శాతం చూసి సంబరపడటం నాకు నచ్చదు. కొన్నిటిని పెంపకంలో ఉంచి మర్నాడు మళ్లీ లెక్కపెట్టినవాళ్ల అంకెనే నమ్ముతాను.