ముందు పడ్డాడా, ముందు స్పృహ తప్పాడా?

బస్సులో ఎవరైనా కుప్పకూలితే ఆ కాసేపు డ్రైవర్‌కి కాగితాల ధ్యాస ఉండదు. ఉండకూడదు కూడా. బండి పక్కకు తీయాలి, 108కి ఫోన్ చేయాలి, చుట్టూ మూగిన జనాన్ని వెనక్కి జరపాలి. డ్యూటీ దిగి డిపోకి చేరాక మాత్రం ఒక తెల్లకాగితం ఎదురుచూస్తూ ఉంటుంది. డిపో మేనేజర్ గారికి జరిగింది రాసివ్వాలి. చాలామంది దాన్ని నాలుగు లైన్లలో ముగించేస్తారు: 'ప్రయాణికుడికి గుండెపోటు రాగా ఆస్పత్రికి పంపితిని.'

ఈ వాక్యంలో చిక్కు గుండెపోటుతోనే మొదలవుతుంది. ఆ మాట చెప్పాల్సింది డాక్టరు. షుగర్ పడిపోయినా, ఫిట్స్ వచ్చినా, పక్షవాతం వచ్చినా చూసేవాళ్లకు మనిషి ఒరిగిపోవడమే కనిపిస్తుంది. పిలిస్తే పలికాడా, ఊపిరి ఆడుతోందా, చెమటలు పట్టాయా, చేతులు కాళ్లు కొట్టుకున్నాయా అన్నవి రాస్తే చాలు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మనిషి స్పృహ తప్పి పడ్డాడా, పడి స్పృహ తప్పాడా?

మొదటిది అనారోగ్యం. రెండోది, బ్రేకు కుదుపుకి నిలబడ్డ మనిషి పడి తలకు దెబ్బ తగిలితే, మోటారు వాహనాల చట్టం కింద ప్రమాదం అవుతుంది. అప్పుడు గాయపడ్డవారికి వైద్యం అందేలా చూడటం చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవర్ బాధ్యత. దగ్గర్లో పోలీసులు లేకపోతే 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పడమూ అతని పనే. కుటుంబం నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. అక్కడ వాదించేది లాయర్లే అయినా, ఆ రోజే రాసిన కాగితం మాట వేరు.

ఒక ఊహా సందర్భం తీసుకుందాం. విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్తున్న బస్సు. కంకిపాడు దాటి ఉయ్యూరు చేరకముందే అరవై ఏళ్ల మనిషి ఒకాయన సీట్లో పక్కకు ఒరిగిపోయాడు. డ్రైవర్ ఇలా రాశాడనుకుందాం: 'కంకిపాడు స్టేజి దాటిన కొద్దిసేపటికి, ఎడమవైపు మూడో సీట్లో ఉన్న ప్రయాణికుడు ఒరిగిపోయారని కండక్టర్ కేక వేశారు. అప్పుడు బండి మామూలు వేగంలో ఉంది. అంతకుముందు గట్టిగా బ్రేకు వేయలేదు. ఆయన పడటం నేను చూడలేదు. బండి ఆపి వెనక్కి వెళ్లేసరికి సీటుకి ఆనుకుని ఉన్నారు, పిలిస్తే పలకలేదు, ఊపిరి ఉంది.'

'నేను చూడలేదు' అన్న మాట చూడండి. రాసేవాళ్లు వదిలేసేది అదే. డ్రైవర్ చూపు రోడ్డు మీద ఉండాలి కాబట్టి వెనక జరిగింది చూడకపోవడం తప్పు కాదు. చూడనిది చూసినట్టు రాస్తే మాత్రం, పక్క సీటు ప్రయాణికుడు వేరేగా చెప్పిన రోజున మిగతా వాక్యాల మీద కూడా నమ్మకం పోతుంది. ఒకవేళ బ్రేకు వేసి ఉంటే అదీ రాయాలి, ఎందుకు వేశాడో కూడా. గేదె అడ్డొచ్చిందంటే గేదె అనే రాయాలి.

టైము దగ్గర తడబాటు మామూలే. సాయంత్రం గుర్తుచేసుకుంటే పది నిమిషాలు అరగంటలా తోస్తాయి. కానీ ఆ హడావిడిలోనూ రెండు గడియారాలు నడుస్తూనే ఉన్నాయి. 108కి చేసిన కాల్ టైము ఫోన్‌లో ఉంటుంది. ఆయన ఎక్కిన స్టేజి, టికెట్ కొట్టిన టైము టికెట్ మీద ఉంటాయి. ఈ రెంటి మధ్యే ఘటన జరిగింది. కచ్చితంగా తెలియని నిమిషాన్ని 'సుమారు' అని రాయడంలో నామోషీ ఏమీ లేదు.

ఆస్పత్రికి అప్పగించాక వచ్చే తగువు జబ్బు గురించి కాదు, సంచి గురించి. చేతికున్న ఉంగరం ఏమైందని బంధువులు అడుగుతారు. అందుకే అంబులెన్సు నంబరు, ఎవరికి అప్పగించారో ఆ సిబ్బంది పేరు, ఆయన దగ్గరున్న సామాను, అది చూసిన ఇద్దరు ప్రయాణికుల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోవాలి. జేబులు తడమాల్సి వస్తే నలుగురి ఎదుటే. మనిషి బస్సులోనే చనిపోయినట్టు అనిపించినా 'మరణించారు' అని డ్రైవర్ రాయకూడదు. అది డాక్టరు తేల్చేది.

మిగిలిన ప్రయాణికులను ఏ బస్సు ఎక్కించారు, బండి ఎంతసేపు ఆగింది అన్నవి ఒక్క లైనులో రాస్తే డిపోకి సరిపోతుంది.

కండక్టర్ తన కాగితం తను రాయాలి. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని ఒకరిది చూసి ఒకరు రాసేస్తే అక్షరం పొల్లుపోకుండా ఒకేలా వస్తాయి, విచారణాధికారికి అనుమానం మొదలయ్యేది అక్కడే. డ్రైవర్ బ్రేకు గురించి, కండక్టర్ సీటు గురించి ఎవరికి తెలిసింది వాళ్లు రాసి, ముట్టినట్టు డిపోలో సంతకం చేయించుకున్న నకలు ఎవరిది వాళ్ల దగ్గర ఉంచుకుంటారు.