రాయని అచ్చుల్ని చదవడం

అరబిక్ పత్రికలో నాలుగు మాటల వాక్యం ఒకటి ఉందనుకుందాం. కాగితం మీద కనిపించే అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు తెలుగులోకి దించితే ఇలా ఉంటుంది: ర-ఫ-అ అల్-అ-ల-మ ఫ-వ-క అల్-మ-ద-ర-స. ‘బడి మీద జెండా ఎగరేశారు’ అని దాని అర్థం. అయితే ర-ఫ-అ, అ-ల-మ, మ-ద-ర-స అనే మూడింటినీ విడివిడిగా చీటీల మీద రాసి చూపిస్తే, పుట్టినప్పటి నుంచీ అరబిక్ మాట్లాడేవారు కూడా ఇది ఫలానా మాట అని తేల్చి చెప్పలేరు. అదే వాక్యంలో చూపిస్తే తడుముకోకుండా చదివేస్తారు.

అరబిక్ అక్షరాలు 28. అన్నీ హల్లులే. పైన ‘అ’ అని రాసింది కూడా అయిన్ అనే హల్లే. గొంతు లోపలి నుంచి పలికే ఆ ధ్వనికి తెలుగులో అక్షరం లేదు. అలిఫ్, వావ్, యా అనే మూడు అక్షరాలు దీర్ఘాలకు కూడా పనికొస్తాయి కాబట్టి దీర్ఘాలు కంటికి కనబడతాయి. హ్రస్వాలైన అ, ఇ, ఉలకు మాత్రం అక్షరాలు లేవు, పైనా కిందా పెట్టే గుర్తులే ఉన్నాయి. వాటిని ఫత్‌హా, కస్రా, దమ్మా అంటారు. ద్విత్వానికి షద్దా అనే గుర్తు ఉంది. హైదరాబాద్‌లో ఉర్దూ చదివినవారు వీటినే జబర్, జేర్, పేష్, తష్దీద్ అంటారు. ఖురాన్ ప్రతుల్లోనూ చిన్నపిల్లల వాచకాల్లోనూ ఈ గుర్తులన్నీ పెడతారు. పత్రికల్లో, నవలల్లో, ఆఫీసు కాగితాల్లో మామూలుగా పెట్టరు. మనం గుణింతాలు, ఒత్తులు తీసేసి ‘పల’ అని రాస్తే అది పులి కావచ్చు, పిల్లి కావచ్చు, పలు కావచ్చు. ‘పాలు’ మాత్రం దీర్ఘం ఉండిపోతుంది కనుక వేరుగా తెలిసిపోతుంది. అరబిక్ పాఠకుడి ముందు రోజూ ఉండే పేజీ ఇలాంటిదే.

ఇప్పుడు అయిన్, లామ్, మీమ్ అనే మూడక్షరాలను దగ్గరగా చూద్దాం. ఇల్మ్ అని చదివితే జ్ఞానం. అలమ్ అని చదివితే జెండా. మొహర్రం పదో రోజున హైదరాబాద్ పాతబస్తీలో ఊరేగించే బీబీ కా అలంలో ఉన్నది ఈ మాటే. అలిమ అంటే అతనికి తెలిసింది, ఉలిమ అంటే ఫలానాది తెలియవచ్చింది. లామ్‌ను ఒత్తి అల్లమ అంటే నేర్పాడు, ఉల్లిమ అంటే ఎవరో అతనికి నేర్పారు. ఆరింటికీ రాత ఒకటే.

చదివేవారు ఈ ఆరింటినీ ఒక్కొక్కటిగా అర్థంతో పోల్చి చూస్తూ కూర్చోరు. ముందు వ్యాకరణం పనిచేస్తుంది. మన వాక్యంలో ఆ మాటకు ముందు ‘అల్’ ఉంది. అరబిక్‌లో ఈ ‘అల్’ నామవాచకాలకూ విశేషణాలకూ వస్తుంది, ఇలాంటి క్రియారూపాలకు రాదు. కాబట్టి తెలిసింది, నేర్పాడు వంటి నాలుగూ ఒక్కసారిగా పోయాయి. మిగిలినవి జ్ఞానం, జెండా. ఇక్కడి నుంచి అర్థానిది వంతు. తర్వాతి మాట ఫౌక, అంటే ‘పైన’. దాని తర్వాత వచ్చేది నామవాచకమే అయి ఉండాలి. మ-ద-ర-సను మద్రస అంటే బడి, ముదర్రిస అంటే పంతులమ్మ. దేని పైన ఏది ఎగరేస్తారు? బడి పైన జెండా. రెండు మాటలూ ఒకదాన్నొకటి తేల్చేశాయి. అందుకే అనుమానం వచ్చిన మాట దగ్గరే ఆగిపోయి తల బద్దలు కొట్టుకోవడం కొత్తగా నేర్చుకునేవారు చేసే పనుల్లో చాలా నష్టం కలిగించేదని నా నమ్మకం. దాని తాళం తరచుగా రెండు మాటల అవతల ఉంటుంది.

మొదటి మాట ఇంకా తేలలేదు. ర-ఫ-అను రఫఅ అంటే అతను ఎత్తాడు. రుఫిఅ అంటే ఎవరు ఎత్తారో చెప్పకుండా ఎత్తారని. రఫ్‌ఉ అంటే ఎత్తడం. ఈ మూడింటిలో ఏదో తేలాలంటే వాక్యం చివరి దాకా వెళ్లాలి, ఒక్కోసారి ముందు వాక్యంలోకి కూడా తొంగి చూడాలి. అరబిక్‌లో కర్త క్రియలోనే ఇమిడిపోవచ్చు కనుక, ముందు వాక్యంలో హెడ్మాస్టర్ ప్రస్తావన ఉంటే ‘అతను జెండా ఎత్తాడు’ అన్న పఠనం నిలబడుతుంది. వార్త ఈ వాక్యంతోనే మొదలైతే ‘అతను’ ఎవరూ లేరు కనుక రుఫిఅ అని చదవాలి. మరో క్రియ లేని శీర్షిక అయితే ‘బడిపై జెండా ఎగరేయడం’ అన్న మూడో పఠనానికీ చోటుంది. క్రియ తర్వాత హెడ్మాస్టర్, జెండా అని రెండు నామవాచకాలు వరసగా వస్తే మాత్రం మామూలు వార్తా వాక్యంలో ఒకరు ఎత్తినవారు, రెండోది ఎత్తినది. అప్పుడది రఫఅ.

క్రియ చివర ఒక ‘త’ చేరి ర-ఫ-అ-త అయితే చిక్కు ఇంకాస్త పెరుగుతుంది. రఫఅత్ అంటే ఆమె ఎత్తింది, రఫఅతు అంటే నేను ఎత్తాను, రఫఅత అంటే నువ్వు ఎత్తావు, ఆడమనిషితో అంటే రఫఅతి. పక్కనే అల్-మ-ద-ర-స, ఆ తర్వాత జెండా ఉంటే పంతులమ్మ ఎత్తిందని అర్థం చేసుకుంటాం. ఇక్కడ వ్యాకరణం సాయం చేయదు. ఎందుకంటే అరబిక్‌లో బడి కూడా స్త్రీలింగమే, ‘ఆమె’ క్రియ రెంటికీ సరిపోతుంది. తాడు పట్టుకుని జెండా ఎత్తేది మనిషే అన్న లోకజ్ఞానంతో తేల్చుకోవాలి.

అది కూడా చాలని చోట్లు ఉన్నాయి. ‘అల్-మ-ద-ర-స కొత్తది’ అని ఒక్క వాక్యమే ఉంటే బడి కొత్తదో, పంతులమ్మ కొత్తగా వచ్చిందో ఎంత పండితుడైనా చెప్పలేడు. అలాంటప్పుడు రాసేవారు ‘ర’ మీద ఒక్క షద్దా పెడతారు. అది కనబడగానే ముదర్రిస అని తెలిసిపోతుంది, మిగతా గుర్తులు అక్కర్లేదు. పేర్ల విషయంలో ఇంకో ఉపాయం ఉంది. ఉమర్, అమ్ర్ రెండూ మగవాళ్ల పేర్లే, రెండింటికీ అవే మూడు హల్లులు. వాక్యంలో ఏ పేరైనా ఇమిడిపోతుంది కనుక సందర్భం ఉపయోగపడదు. అందుకని అమ్ర్ చివర పలకని వావ్ ఒకటి చేర్చి రాయడం పాతకాలం నుంచీ ఆచారంగా ఉంది.

ఈ గుర్తులు పుట్టిందే ఇలాంటి ప్రమాదం వల్లనని అరబ్ వ్యాకర్తల సంప్రదాయ కథనం. 7వ శతాబ్దిలో ఒకరు ఖురాన్ వాక్యం ఒకదాన్ని చదువుతూ ‘ఆయన ప్రవక్త’ అనే మాటలో ఉకారం పలకాల్సిన చోట ఇకారం పలికారట. దైవమూ ఆయన ప్రవక్తా బహుదైవారాధకులకు దూరం అన్న అర్థం తలకిందులై, దైవం ఆ ప్రవక్తకు కూడా దూరం అన్నట్టు వినబడింది. అది విన్న బస్రా పండితుడు అబుల్ అస్వద్ అద్దుఅలీ ఒక లేఖకుణ్ణి కూర్చోబెట్టుకుని, నేను నోరు తెరిస్తే అక్షరం పైన, కిందికి దించితే అక్షరం కింద, పెదాలు దగ్గరకు చేరిస్తే అక్షరం పక్కన వేరే రంగు సిరాతో చుక్క పెట్టమన్నాడట. ఆ చుక్కల స్థానంలో ఇప్పటి గుర్తులను తెచ్చిన ఘనత 8వ శతాబ్దిలో అదే బస్రాలో ఉన్న ఖలీల్ ఇబ్న్ అహ్మద్‌కు ఇస్తారు. దమ్మా గుర్తును నిదానంగా చూస్తే అది చిన్న వావ్ అని ఇప్పటికీ పోల్చుకోవచ్చు.

నేటి పత్రికలు ఆ గుర్తుల్లో చాలావాటిని వదిలేసినా, రుఫిఅ లాంటి క్రియ దగ్గర మాత్రం పాఠకుడు తప్పుదోవ పడతాడనిపిస్తే మొదటి అక్షరం మీద ఒక్క దమ్మా పెడతాయి. లేదంటే వాక్యాన్నే మార్చేస్తాయి. ‘తమ్మ’, అంటే ‘జరిగింది’ అన్న క్రియను ముందు పెట్టి, దాని వెనక ‘జెండా ఎత్తడం’ అన్న నామవాచకం చేరుస్తాయి. తమ్మ వెంట ర-ఫ-అ వస్తే అది రఫ్‌ఉ తప్ప మరొకటి కాదు. ఈ వాడుక శైలిని పాడుచేస్తోందని విసుక్కునే భాషాభిమానులు అరబ్ దేశాల్లో ఉన్నారు. మొదటి మాట దగ్గరే దారి చూపించే రచయిత పాఠకుడికి మేలే చేస్తున్నాడని నేననుకుంటాను.