డబ్బు రెండుసార్లు కట్ అయినప్పుడు రాయాల్సిన జవాబు

ఆన్‌లైన్ దుకాణాల కస్టమర్ కేర్‌కు వచ్చే కోపపు ఫిర్యాదుల్లో డబ్బుకు సంబంధించినవి తీరే వేరు. వస్తువు ఆలస్యమైతే విసుగొస్తుంది. ఖాతాలోంచి డబ్బు పోతే మాత్రం మోసపోయామన్న భయం పుడుతుంది. అలాంటి ఫిర్యాదుకు జవాబు రాసేవారు మర్యాద మాటలకన్నా ముందు ఆ డబ్బు ఎక్కడుందో తెలుసుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకావిడ 3వ తేదీన 3,480 రూపాయల మిక్సీకి యూపీఐలో డబ్బు కట్టారు. ఖాతాలోంచి డబ్బు పోయింది కానీ ఆర్డర్ ఖరారు కాలేదు. మళ్లీ కట్టారు. ఈసారి ఆర్డర్ ఖరారైంది. రెండు రోజులు ఫోన్లు చేసి విసిగిపోయి, 5వ తేదీన ఇలా రాశారు: "రెండుసార్లు డబ్బు కట్ చేసుకున్నారు. అడిగితే బ్యాంకుకు వెళ్లమంటున్నారు. బ్యాంకువాళ్లు మిమ్మల్నే అడగమంటున్నారు. ఇది మోసం కాదా?"

ఇక్కడ రెండింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. మొదటి చెల్లింపు కూడా దుకాణానికి చేరి ఉంటే, దాన్ని తిరిగి ఇవ్వాల్సింది దుకాణమే. చేరకపోతే ఆ సొమ్ము బ్యాంకుల వ్యవస్థలోనే ఆగిపోయినట్టు. అప్పుడు రీఫండ్ చేయడానికి దుకాణం దగ్గర ఏమీ ఉండదు. ఆవిడ పంపిన 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరును దుకాణం చెల్లింపుల రికార్డులో వెతికితే ఏది జరిగిందో తేలిపోతుంది. ఈ పని చేయకుండా "రీఫండ్ చేస్తాం" అని రాసేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. డబ్బు దుకాణానికి చేరనే లేదని తర్వాత తేలితే, ఇచ్చిన మాట అబద్ధమవుతుంది. రెండో జవాబును ఆవిడ ఎందుకు నమ్ముతారు?

మన ఉదాహరణలో మొదటి చెల్లింపు దుకాణానికి చేరలేదని తేలింది. ఇలాంటి సందర్భాలకు రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపులో ఖాతాలోంచి డబ్బు పోయి, దుకాణానికి ఖరారు అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ మొత్తం దానంతటదే ఖాతాలోకి తిరిగి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. దానికి ఖాతాదారు అడగాల్సిన అవసరం కూడా లేదు.

ఇప్పుడు జవాబు రాయవచ్చు:

"నమస్కారమండీ. 3వ తేదీన మీ ఖాతాలోంచి 3,480 రూపాయలు రెండుసార్లు కట్ అయిన మాట నిజమే. మీరు ఫోన్ చేసినప్పుడు మేము రికార్డు చూసి చెప్పాల్సింది. చూడకుండానే బ్యాంకుకు వెళ్లమన్నాం. అది మా తప్పు, క్షమించండి.

మీరిచ్చిన రిఫరెన్స్ నంబరుతో వెతికాం. రెండో చెల్లింపు మాకు అందింది, మిక్సీ ఆర్డర్ దానిమీదే ఖరారైంది. మొదటిది మాకు చేరలేదు. ఆ మొత్తం 8వ తేదీలోగా మీ ఖాతాలో తిరిగి పడాలి. మళ్లీ ఆర్డర్ చేయనక్కర్లేదు, ఇప్పుడున్న ఆర్డర్‌ను రద్దు చేయనక్కర్లేదు.

8వ తేదీకి పడకపోతే ఈ మెసేజ్‌కే జవాబివ్వండి. మొదటి చెల్లింపు మాకు అందలేదని లేఖ ఇస్తాం, మీ బ్యాంకుకు చూపించవచ్చు. గడువు దాటిన ప్రతి రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి. 9వ తేదీ ఉదయం నేనే ఫోన్ చేసి కనుక్కుంటాను. మిక్సీ మీ ఇంటికి భద్రంగా చేరేవరకు ఈ ఆర్డర్‌ను నేనే చూసుకుంటానండీ."

కింద రాసినవారి పేరు, నేరుగా పలికే నంబరు ఉండాలి.

ఈ జవాబులో క్షమాపణ ఒక్కసారే ఉంది, అదీ దుకాణం చేసిన తప్పుకే. డబ్బు ఆగిపోవడం దుకాణం తప్పు కాదు, తిప్పి పంపించడం దుకాణం చేసిన తప్పు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్న వాక్యం ఏ తప్పునూ ఒప్పుకోదు, అందుకే అది చదివినవారి కోపం రెట్టింపవుతుంది. "మోసం" అన్న మాటకు కూడా ఇక్కడ ఎదురు వాదన లేదు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు చెప్పడంతోనే ఆ అనుమానానికి సమాధానం దొరుకుతుంది. గడువును "త్వరలో" అనకుండా తేదీతో చెప్పడం కూడా ముఖ్యమే. తేదీ తెలిస్తే ఆవిడ రోజూ ఫోన్ చేయాల్సిన పని ఉండదు.

ముగింపులోని ఆత్మీయత కూడా పనితోనే ముడిపడి ఉండాలి. కోపంగా ఉన్న మనిషికి పండుగ ఆఫర్ కూపన్ పంపితే గాయం మీద కారం చల్లినట్టే. ఫోన్ చేస్తానని మాటిస్తే చేసి తీరాలి. డబ్బు వచ్చిందని ఆవిడ నోటితో చెప్పాకే ఆ ఫిర్యాదును మూసేయాలి, జవాబు పంపిన రోజున కాదు.